దిమ్మ నడుమ తెల్లటి గీత

ఏలూరు పాత బస్టాండు దగ్గర నిమ్మసోడా తాగేవాళ్లందరూ గ్లాసు వైపు చూస్తారు. నా చూపు మాత్రం బండి మీద గోనెపట్టా కప్పిన ఐసు ముక్క మీదికి పోతుంది. పట్టా కాస్త పక్కకి తొలిగిందా, ముక్క నడుమ తెల్లగా పాలు కలిపినట్టు ఒక గీత కనిపిస్తుంది. అంచులు అద్దంలా ఉంటాయి, నడుమ మాత్రం మబ్బు. ఆ గీత ఎంత లావుందో, అది గట్టి తెలుపో లోపల నీళ్లున్న తెలుపో నిర్ధారించుకునేదాకా సోడా రుచి తెలియదు. ఇది ఆరోగ్యకరమైన అలవాటేనా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఐసు ఎక్కడ కనిపించినా మార్కులు వేసే బుద్ధి ఒకటి లోపల తిష్ఠ వేసుకుని కూర్చుంది. దానికి కారణం నా ఉద్యోగం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపల్ని ట్రేలలో ఐసు వేసి సర్ది హౌరాకీ, గౌహతికీ లారీల్లో పంపే సంస్థ మాది. చేపలు తప్ప మిగతావన్నీ, అంటే ఐసు, ట్రేలు, తాడు, టార్పాలిన్లు కొనే బాధ్యత నాది. మూడు నెలలకోసారి ఒక్కో సరఫరాదారుకీ ఒక కాగితం తయారు చేయాలి. అందులో మూడు గళ్లు: సమయానికి తెచ్చాడా, సరుకు బాగుందా, అడిగితే పలికాడా. మొదటి రెంటికీ నలభై నలభై, మూడోదానికి ఇరవై. మొత్తం నూరు.

ఈ కాగితం చూడ్డానికి బుద్ధిమంతురాలిలా ఉంటుంది. చిక్కల్లా అది ఎవరి చేతుల్లో నిండుతుందన్న దగ్గరే. మొదటి గడి రాత్రి డిస్పాచ్ గుమాస్తా నింపుతాడు. ఐసు బండి షెడ్డు గేటు దాటిన సమయం ఆయన రిజిస్టరులో ఉంటుంది, చెప్పిన సమయానికి గంట దాటితే ఆలస్యం కింద లెక్క. రెండో గడి ప్యాకింగ్ మేస్త్రిది. దిమ్మని క్రషర్లో వేసే ముందు పగలగొట్టి చూసేది ఆయనే. మూడోది నాది, ఎందుకంటే బండి ఎక్కడుందని ఫ్యాక్టరీకి ఫోన్ చేసేది నేను. ముగ్గురం మూడు వేళల్లో పనిచేస్తాం. ఒకరి గడిలో ఏముందో ఇంకొకరికి తెలియదు. మూడు నెలలు తిరిగాక కంప్యూటరు ఆ మూడింటినీ కూడి ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెని పట్టుకుని, ఇంగ్లీషులో అచ్చయిన ఒక నమూనా ఉత్తరంలో ఖాళీలు పూరించి పంపమని పై ఆఫీసు చెబుతుంది. నాణ్యత పెంచండి, సమయపాలన ఇలాగే కొనసాగించండి, స్పందన బాగుంది. ఈ మూడు వాక్యాలు చదివి ఐసు ఫ్యాక్టరీ ఓనరు ఏం చేయాలి? నిజంగా అడుగుతున్నాను. రేపు పొద్దున్న లేచి ఏ మరను ఎటు తిప్పాలి ఆయన?

ఒక త్రైమాసికంలో మా ఐసు ఫ్యాక్టరీ కాగితం నన్ను కొంచెం ఎక్కువసేపు కూర్చోబెట్టింది. లెక్క సులువుగా ఉండటానికి నూరు లోడ్లుగా సర్ది చెబుతాను. నూటికి తొంభై రెండు లోడ్లు సమయానికి వచ్చాయి, చాలా మంచి లెక్క. ఫోన్ ఎత్తడంలో ఇంచుమించు పూర్తి మార్కులు, అర్ధరాత్రి చేసినా రెండో రింగుకి పలికారు. నాణ్యతలో మాత్రం ఇరవై ఒక్క లోడ్ల మీద మేస్త్రి ఎర్రసిరా. దిమ్మ పగలగొడితే నడుమ నుంచి నీళ్లు కారాయని కొన్నింటికి, ఐసు ఉప్పగా ఉందని కొన్నింటికి, తూకం తగ్గిందని కొన్నింటికి. ఇంత బాధ్యతగా బండి పంపే మనిషి, ఇంత మర్యాదగా ఫోన్ ఎత్తే మనిషి, ఐసు దగ్గరికొచ్చేసరికి ఎందుకు జారిపోతున్నాడు? ఒకే మనిషిలో ఇద్దరున్నారా?

ఈ ఎర్రసిరా ఎంత పెద్ద విషయమో చెప్పకపోతే ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది. చెరువులోంచి తీసిన చేప ముప్ఫై డిగ్రీల వేడిలో ఉంటుందనుకోండి. ఒక కిలో చేపని సున్నాకి దింపడానికి దాదాపు మూడు వందల గ్రాముల ఐసు కరిగిపోవాలి. ఇది ప్రకృతి వసూలు చేసే పన్ను, తగ్గించుకోవడం ఎవరి తరమూ కాదు. మేం కిలో చేపకి కిలో ఐసు లెక్కన వేస్తాం. అంటే మొదటి కొన్ని గంటల్లోనే మూడో వంతుకి దగ్గరగా పోతుంది. మిగిలిన ఏడు వందల గ్రాములే దారి ఖర్చు. ఒడిశా దాటి బెంగాల్లో మూత తీసేదాకా లారీ మీద పడే ఎండనీ, టార్పాలిన్ సందుల్లోంచి దూరే వేడిగాలినీ అదే మోయాలి. ఇప్పుడు ఐసులో నూటికి పది తగ్గిందనుకోండి. పదే కదా అనిపిస్తుంది. కానీ చేపని చల్లార్చే మూడు వందల గ్రాముల్లో రవ్వంత కూడా తగ్గదు, తగ్గిన వంద గ్రాములూ దారి ఖర్చులోంచే పోతాయి. ఏడు వందలు కాస్తా ఆరు వందలు అవుతాయి. హౌరాకి ఎలాగో గట్టెక్కవచ్చు. అంతకంటే ఎక్కువ రోజులు నడిచే గౌహతి లారీలో చివరి రోజు ట్రే అడుగున చేప మొప్పలు ఎరుపు పోయి గోధుమరంగుకి తిరిగి ఉంటాయి. అక్కడి వ్యాపారి బేరం ఆడడు, రేటు కోసి పంపుతాడు. మేస్త్రి ఎర్రసిరా వెనక ఆ కోత ఉంది.

ఐసు ఎలా తయారవుతుందో తెలియకుండా ఐసు మనిషికి సలహా చెప్పకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. అందుకని ఉత్తరం పక్కన పెట్టి ఫ్యాక్టరీకి వెళ్లాను. కైకలూరు వైపు రోడ్డు మీద, చెరువు గట్ల నడుమ, పొడవాటి రేకుల షెడ్డు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే అమ్మోనియా ఘాటు ముక్కులో గుచ్చుకుంటుంది, నేల చెప్పుల కింద చల్లగా తగులుతుంది. చెక్కమూతల కింద పెద్ద ఉప్పునీళ్ల తొట్టి. మంచినీళ్లయితే సున్నా దగ్గరే గడ్డకడతాయి, ఉప్పు కలిపారు కాబట్టి అవి మైనస్ పది దాకా దిగినా నీళ్లలాగే తిరుగుతుంటాయి. ఆ నీళ్లలో వరుసలు వరుసలుగా రేకు డబ్బాలు మెడదాకా మునిగి ఉంటాయి. డబ్బాల్లో మంచినీళ్లు. చల్లదనం రేకు అంచు నుంచి లోపలికి పాకుతుంది, అంచు ముందు గడ్డకడుతుంది. నీళ్లలో కరిగి ఉన్న గాలినీ, లవణాలనీ ఆ గడ్డ తనలో కలుపుకోదు, ముందుకి తోసుకుంటూ పోతుంది. చివరికి ఎటూ పోలేక అవన్నీ నడుమన చేరతాయి. అదే ఆ తెల్లటి గీత. అది గట్టిగా ఉన్నంతకాలం తప్పేమీ కాదు. తెల్ల ఐసు కూడా అద్దంలాంటి ఐసంత చల్లదనమూ ఇస్తుంది. నడుమ గట్టిపడకుండానే డబ్బా పైకి లాగితేనే తంటా. అప్పుడు దిమ్మ కడుపులో నీళ్లుంటాయి, పగలగొట్టగానే అవి నేలపాలవుతాయి. ఆ నీళ్లకి కూడా డబ్బు కట్టి ఉంటాం మనం.

గడ్డకట్టే సమయానికి పాత ఇంజనీర్లు ఒక సూత్రం రాసిపెట్టారు. దిమ్మ మందాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే హెచ్చించి, దానిలో నూటికి అరవై వంతులు తీసుకుని, ఉప్పునీళ్లు సున్నాకి ఎన్ని డిగ్రీలు కింద ఉన్నాయో ఆ అంకెతో భాగిస్తే గంటలు వస్తాయి. ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల మందం దిమ్మకి, మైనస్ పది దగ్గర, దాదాపు నలభై ఏడు గంటలు. రెండు రోజులన్నమాట. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది, గీకి గీకి నాలుగు గంటలు మిగుల్చుకునే వీలే లేదు. పోనీ ఉప్పునీళ్లనే ఇంకా చల్లగా చేస్తే? దిమ్మ పెళుసెక్కి పగుళ్లిస్తుంది, కరెంటు బిల్లు వేరే మోత. ఇంకొకటి కూడా అక్కడే నిలబడి నేర్చుకున్నాను. ఒక రాత్రి హడావిడిగా ఎక్కువ డబ్బాలు లాగేసి, వాటిని మామూలు నీళ్లతో నింపి మళ్లీ తొట్టిలో దింపితే, ఆ నీళ్ల వేడికి తొట్టి మొత్తం ఒకటి రెండు డిగ్రీలు ఎక్కుతుంది. దాంతో పక్కనున్న డబ్బాల గడ్డ కూడా ఆలస్యమవుతుంది. అంటే మంగళవారం తొందర బుధవారం దిమ్మల్లోనూ ఉంటుంది. మేస్త్రి బుధవారం ఎర్రసిరా పెడతాడు, ఆ రోజు ఎవరూ తొందరపడకపోయినా.

ఇది తెలిశాక ఆఫీసుకి వచ్చి మూడు రిజిస్టర్లనీ ఒకే బల్ల మీద పరిచాను. అంతవరకూ వాటిని పక్కపక్కన పెట్టిన వాళ్లు లేరు. ప్రతి లోడుకీ ఒక కొత్త గడి గీశాను, మేం ఐసు కావాలని ఎప్పుడు చెప్పాం అని. రోజువారీ కోటా కాకుండా అదనంగా, ఒక రోజు కూడా గడువు లేకుండా అడిగిన లోడ్లు ముప్ఫై తేలాయి. ఆ ముప్ఫైలో పదిహేనింటికి ఎర్రసిరా ఉంది. సరైన గడువుతో అడిగిన డెబ్భైలో ఆరింటికే. ఇక ఆలస్యమైన ఎనిమిది లోడ్లలో తొందర ఆర్డర్లు రెండే రెండు. ఆ చివరి అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తొందర పెట్టినప్పుడు ఫ్యాక్టరీ ఆలస్యం చేయలేదు. రేపటి దిమ్మల్ని ఇవాళే లాగి, బండి ఎక్కించి, సమయానికి గేటు దాటించింది. మొదటి గడిలో మేం వేసిన మంచి మార్కు ఖరీదే రెండో గడిలో ఎర్రసిరా అయింది. ఒకే రాత్రి, ఒకే బండి. గుమాస్తా శభాష్ అన్నాడు, మేస్త్రి ఛీ అన్నాడు. సమయపాలన ఇలాగే కొనసాగించండి, నాణ్యత పెంచండి అని ఉత్తరం రాస్తే ఆయన్ని రెండు చేతులూ పట్టుకుని చెరోవైపు లాగడమే.

తాడేపల్లిగూడెంలో పెరిగినదాన్ని కాబట్టి, సరుకు బాగోలేదని చెప్పే ఇంకో పద్ధతి చిన్నప్పటి నుంచీ చూశాను. ఉల్లిపాయల మార్కెట్లో కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలు దిగేవి. బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు పాయలు తీసి, తడి తగిలితే వ్యాపారి ఏమీ అనేవాడు కాదు. మొహం కూడా మారేది కాదు. కాటా దగ్గర చీటీ మీద తరుగు రాసేవాడు, అంతే. అవతలి మనిషి చీటీ చూసుకుని ఒక నిట్టూర్పు విడిచి మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఎంత నాగరికమైన పద్ధతి, గొడవ లేదు, మాటా మాటా పెరగదు అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే ఆ చీటీలో లేనిదే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. పాయ పొలంలోనే తడిసిందా, దారిలో వానకి టార్పాలిన్ చిరిగి తడిసిందా, గోదాములో కింది వరుస చెమ్మ పట్టిందా? కారణాన్ని బట్టి మందు మారుతుంది. తరుగు ఒక్కటే మాట చెబుతుంది, నీకు ఇంత పోయింది అని. వచ్చే లారీ కూడా అలాగే వస్తుంది, తరుగు కూడా అలాగే పడుతుంది, ఇద్దరూ దాన్ని ధరలో కలిపేసుకుని బతికేస్తారు. మా మార్కుల కాగితం ఆ చీటీకి కంప్యూటరు నేర్చిన మనవడేమో అని అనుమానం.

ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికా గణాంకవేత్త పేరు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు వినే ఉంటారు. 1950లో జపాను వెళ్లి అక్కడి పరిశ్రమల పెద్దలకి నాణ్యత పాఠాలు చెప్పినాయన. ఆయన సభల్లో ఒక ఆట ఆడించేవాడు. పెట్టె నిండా తెల్లపూసలు, వాటిలో అయిదో వంతు ఎర్రపూసలు. యాభై గుంటలున్న పలకని పెట్టెలో ముంచి, ఒక్క ఎర్రపూస కూడా రాకుండా తీయమని కూలీలుగా నిలబడ్డవాళ్లకి చెప్పేవాడు. ఒకరికి ఏడు వచ్చేవి, ఒకరికి పదమూడు. ఏడు వచ్చినవాణ్ని మెచ్చుకుని, పదమూడు వచ్చినవాణ్ని మందలించేవాడు. తర్వాతి విడతలో మెచ్చుకున్నవాడికి పన్నెండు వస్తే ఇదేమిటి, పొగడగానే నిర్లక్ష్యం వచ్చిందా అని చీవాట్లు. సభ నవ్వేది. పెట్టెలో ఎర్రపూసలు పోసింది ఎవరన్న ప్రశ్న నవ్వు ఆగాక మిగిలేది. మా తొందర ఆర్డర్లు ఆ ఎర్రపూసలే. అయితే ఇక్కడే నాకు డెమింగ్ గారితో ఒక పేచీ ఉంది. లేదా ఆయన్ని అరకొరగా చదివి, తప్పంతా వ్యవస్థదే, మనిషిని ఏమీ అనకూడదు అని తేల్చేసేవాళ్లతో పేచీ. గడువు బాగా ఇచ్చిన డెబ్భై లోడ్లలోనూ ఆరు చెడ్డవి ఉన్నాయి కదా. అవెవరు పోసిన పూసలు?

ఆ ఆరింటి మీద మేస్త్రి రాసిన మాటలు మళ్లీ చదివాను. నాలుగింటికి ఉప్పగా ఉంది అని రాశాడు. తొందరకీ ఉప్పుకీ సంబంధం లేదు. ఐసు ఉప్పగా ఉందంటే తొట్టిలోని నీళ్లు డబ్బాలోకి దూరాయన్నమాట. రేకు తుప్పు పట్టి అడుగున చిల్లు పడిందో, డబ్బాలు లాగేటప్పుడు తొట్టి నీళ్లు పైనుంచి చిందాయో. ఉప్పు ఐసు త్వరగా కరుగుతుంది, దిమ్మ అడుగు మెత్తగా, చేత్తో నలిపితే నలిగేట్టుగా ఉంటుంది, అంచు ముక్క నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. తుప్పుకీ తొందరకీ తేడా పట్టే ఉపాయం మేస్త్రే చెప్పాడు. చెడ్డ దిమ్మలు ఒకటి రెండు చొప్పున ప్రతి విడతలోనూ తప్పకుండా వస్తుంటే అది డబ్బా చిల్లు, ఎందుకంటే ఆ డబ్బా రెండు రోజులకోసారి మళ్లీ మళ్లీ తొట్టిలోకి వస్తూనే ఉంటుంది. కొన్ని రాత్రులు మాత్రం గుంపుగా వచ్చి మిగతా రాత్రులు అసలు రాకపోతే అది తొందర. ఇంత తెలిసిన మనిషి చేత మూడు నెలలుగా మేం ఒక్క టిక్కు మాత్రమే పెట్టిస్తున్నాం.

మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు కాగితం సంచిలోనే ఉంచాను. ఓనరు గారు మా నాన్న వయసువారు, నేను బాబాయి గారూ అంటాను, ఆయన అమ్మా అంటారు. మొత్తం మార్కుతో మాట మొదలుపెడితే ఆ తర్వాత ఏం చెప్పినా వినపడదని అనుభవం. మనిషి ఆ అంకె దగ్గరే ఆగి, పక్క ఫ్యాక్టరీకి ఎంత వేశారమ్మా అని అడుగుతాడు. అందుకని మూడు రాత్రుల గురించి మాత్రమే మాట్లాడాలనుకున్నాను. తేదీ, మేం అడిగిన వేళ, బండి వచ్చిన వేళ, దిమ్మల తూకం చీటీ, మేస్త్రి మాట, ఈ అయిదూ పక్కపక్కన రాసుకున్న ఒక తెల్లకాగితం ఇచ్చాను. మూడింటిలో రెండు తొందర రాత్రులు, ఒకటి ఉప్పు రాత్రి. చదివి కళ్లజోడు తీశారు.

“ఆయ్, ఇది నిజమేనమ్మా. ఆ రాత్రి మీ కుర్రాడు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి ఇంకో నలభై దిమ్మలు అన్నాడు. నా దగ్గర నలభై ఎక్కడున్నాయి? తొట్టిలో ఉన్నాయి, రేపటికి. లాగించాను.”

“లేవని చెప్పొచ్చు కదండీ, బాబాయి గారూ.”

“లేవంటే మీరు ఇంకోళ్ల దగ్గరికి పోతారు. కడుపులో నీళ్లున్నా దిమ్మ దిమ్మే కదా అనుకున్నాను. పైగా చేప గట్టు మీద పడి ఉంటుంది, అది ఆగదు.”

ఆ చివరి మాట కొట్టిపారేయలేం. తొందర ఆర్డర్లలో కొన్ని ఎవరి చేతుల్లోనూ లేనివి. మబ్బు పట్టి గాలాడని రోజు చెరువులో ఆక్సిజన్ పడిపోతే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు రైతు రాత్రికి రాత్రే వల వేయిస్తాడు. దానికి గడువు అడగలేం. కానీ మిగిలినవి హౌరా రేటు చూసి సాయంత్రం తీసుకునే నిర్ణయాలు, వాటి వాసన మధ్యాహ్నానికే మా కొనుగోలు కుర్రాళ్లకి తెలుస్తుంది. ఖాయం కాలేదని ఊరుకుంటారు. మధ్యాహ్నం చెబితే మాత్రం ఏం లాభం, దిమ్మకి రెండు రోజులు కావాలి కదా అని నేనే అన్నాను. ఆయన నవ్వారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర సోడా బండ్లకీ, చేపలమ్మే ఆడవాళ్లకీ, పెళ్లిళ్లకీ చిల్లరగా పోయే దిమ్మలు ఉంటాయట. రావచ్చు అని ఒక మాట ముందే పడితే ఆ గట్టి దిమ్మల్ని ఆపి ఉంచగలరు. కొత్తగా గడ్డ కట్టించనక్కర్లేదు, ఉన్నది అమ్మకుండా ఆపితే చాలు. ఇది నా కాగితంలో ఏ గడిలోనూ దొరికే సమాధానం కాదు.

ఉప్పు రాత్రి దగ్గరికొచ్చేసరికి ఆయన స్వరం మారింది. నీళ్లు మారాయేమో, ఈ మధ్య బోరు నీళ్లలోనే చప్పదనం పోయిందమ్మా అన్నారు. ఇక్కడ మొహమాటపడితే మొదటి రెండు రాత్రుల గురించి మాట్లాడిందంతా మర్యాద కబుర్లుగా మిగిలిపోతుంది. బోరు నీళ్లే ఉప్పగా ఉంటే అన్ని దిమ్మలూ ఉప్పగా ఉండాలి బాబాయి గారూ, విడతకి ఒకటి రెండే ఉంటున్నాయి, అడుగే మెత్తగా ఉంటోంది, డబ్బాలు చూపించండి అన్నాను. మేం పంచుకోవాల్సిన తప్పుని పంచుకున్న తర్వాత, పూర్తిగా ఆయనదైన తప్పుని పూర్తిగా ఆయనకే అప్పగించడం తేలికైంది. ఆయన కూడా ఎక్కువసేపు గింజుకోలేదు. మనిషిని పిలిచి, అడుగు తుప్పు పట్టిన డబ్బాలకి పెయింటుతో గుర్తు పెట్టించారు. అతుకు వేయించేదాకా అవి తొట్టిలో దిగవని మాట. చిల్లు డబ్బా వల్ల బయటికి పోయే నష్టం కూడా ఉంది, మంచినీళ్లు కలిసి తొట్టి ఉప్పు పలచబడుతుంది. ఆ లెక్క ఆయనకి నాకంటే బాగా తెలుసు.

అసలు కష్టం మూడో గడితో వచ్చింది. అందులో ఆయనకి పూర్తి మార్కులు ఇచ్చింది నేనే. రెండో రింగుకి ఫోన్ ఎత్తడం, బండి దారిలో ఉందమ్మా అనడం. మన వైపు ‘దారిలో ఉంది’ అనే మాటకి ఎంత విశాలమైన భూగోళం ఉందో అందరికీ తెలుసు. బండి గేటు దాటి ఉండొచ్చు, లోడవుతూ ఉండొచ్చు, డ్రైవరు స్నానం చేస్తూ ఉండొచ్చు. త్వరగా పలికినందుకు మార్కులిస్తే త్వరగా పలికే మాట దొరుకుతుంది, నిజమైన మాట దొరకాలని లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఆ నీరంతా కొల్లేరులోకి చేరి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయినప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. ఆ రోజుల్లో బండ్ల ఆలస్యాన్ని మొదటి గడిలో లెక్కేయలేదు, నీళ్లకి ఎవరేం చేస్తారు. కానీ మూడో గడిని మాత్రం ఆ రోజుల్లోనే చూడాలనిపించింది. ట్రేలు తెచ్చే ఒకాయన మామూలుగా మూడుసార్లు చేస్తే గానీ ఫోన్ ఎత్తడు. ఆయన మధ్యాహ్నమే తనంతట తను ఫోన్ చేసి, రోడ్డు పోయింది, చుట్టు తిరిగి రావాలి, రాత్రికి అందదు, వేరే చూసుకోండి అన్నాడు. అంతే, పెట్టేశాడు. మా షెడ్డులో ఆ రాత్రి ఖాళీ ట్రేల కోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఆయనకి ఇరవైకి ఎనిమిది పడింది, మా కొలత ప్రకారం.

అందుకని ఈసారి మూడో గడిలో అడిగే ప్రశ్న మార్చాను. ఎన్ని రింగులకి పలికాడు అన్నది తీసేసి, చెడు కబురు మన చేయి కాలకముందు వచ్చిందా తర్వాత వచ్చిందా అని రాశాను. ఓనరు గారికి ఇది చెబితే కాసేపు ఆలోచించి, అంటే దిమ్మలు లేవని చెబితే మార్కు పడుతుందా అమ్మా అన్నారు. పడుతుందన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. ఎందుకు నమ్మాలి? లేవు అన్న రోజున మా కుర్రాడు పక్క ఫ్యాక్టరీకి ఫోన్ చేయకుండా ఉంటాడా? ఆ పక్క ఫ్యాక్టరీవాడు కడుపులో నీళ్లున్న దిమ్మలే పంపినా మొదటి గడిలో నలభైకి నలభై కొట్టేస్తాడు కదా. కాగితం మీద ప్రశ్న మార్చడం నా చేతిలో పని. సాయంత్రం ఆరింటికి కుర్రాడి చెయ్యి ఫోన్ మీదికి ఎటు పోతుందో అది నా చేతిలో లేదు.

చివరికి ఆయన ఒక ప్రతిపాదన పెట్టారు. ఎప్పుడూ ఇరవై గట్టి దిమ్మలు మా పేరు మీద ఐసు గదిలో నిలవ ఉంచుతారు, తొందర వచ్చిన రాత్రి అవి ముందు వస్తాయి, తొట్టిలో పచ్చి దిమ్మల జోలికి వెళ్లరు. బదులుగా నిలవలో కరిగే వాటాకి, ఆ గది కరెంటుకి మేం కొంత కట్టాలి. నాకు న్యాయంగానే తోచింది. గౌహతిలో ఒక్క లారీ రేటు కోతతో పోలిస్తే అది ఏపాటి? పై ఆఫీసుకి రాసి పంపాను. వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది, కాదనలేదు. వాడని ఐసుకి కట్టే డబ్బుని ఏ పద్దు కింద చూపించాలో, దాన్ని సమయపాలన ఖర్చనాలో నాణ్యత ఖర్చనాలో ముందు తేల్చమన్నారు. బాబాయి గారు రెండు రోజులకోసారి ఫోన్ చేస్తున్నారు, పై ఆఫీసువాళ్లు ఏమన్నారమ్మా అని. నేను మాత్రం దారిలో ఉందండీ అంటున్నాను.